మూడు పిన్నుల ఫ్యాను, నాలుగు పిన్నుల సాకెట్టు: కంప్యూటర్ ఎందుకు అంత హోరు పెడుతుంది?

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతి, చిత్తూరుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లోనే ఇళ్లల్లో, నెట్ సెంటర్లలో ఉండే డెస్క్‌టాప్‌ల నుంచి మిక్సీ లాంటి హోరు మొదలవుతుంది. "ఎండాకాలం కదా, ఫ్యాను గట్టిగా తిరుగుతా ఉండాది" అని సర్దుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు ఆ హోరుకు ఎండతో సంబంధం ఉండదు. ఫ్యాను వైరు చివర ఉన్న పిన్నులకీ, మదర్‌బోర్డులో ఉన్న ఒక సెట్టింగ్‌కీ పొత్తు కుదరక ఆ సమస్య వస్తుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. ఆ సంగతి తెలియక కొందరు రెండేసి, మూడేసి ఫ్యాన్లు మారుస్తున్నారు.

చిత్తూరులో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. ముందు గదిలోనే డీటీపీ పని. పెళ్లి పత్రికలు తెలుగులోనూ ఉర్దూలోనూ అక్కడే తయారవుతాయి. కంప్యూటర్ కేసు వెనక ఉన్న ఫ్యాను పాడైతే, ఆ భాయ్ బజారుకెళ్లి కొత్తది తెచ్చి బిగించాడు. ఆ రోజు నుంచి మిషన్ ఆన్ చేయగానే ఒకటే హోరు. పక్క గదిలో నమాజు చేసుకునే వాళ్లమ్మకు ఇబ్బంది. "సైలెంట్" అని డబ్బా మీద రాసిన ఇంకో ఫ్యాను తెచ్చాడు. అదీ అంతే. రెండో ఫ్యానులోనూ లోపం లేదు, మొదటిదాంట్లోనూ లేదు. ఆయన దగ్గర అంతకు ముందున్న పాత ఫ్యానుకు నాలుగు పిన్నులు, కొత్తగా తెచ్చిన రెండింటికీ మూడే పిన్నులు. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు సైజు సంగతి

పిన్నుల దాకా వెళ్లే ముందు సైజు గురించి రెండు మాటలు చెప్పాలి. కొనేటప్పుడు జరిగే మొదటి పొరపాటు అక్కడే.

ఫ్యాను సైజు అంటే దాని చదరపు ఫ్రేము ఒక వైపు పొడవు. ఇప్పుడు కేసుల్లో ఎక్కువగా కనిపించేది 120 మిల్లీమీటర్లది. పెద్ద కేసుల్లో 140, పాత కేసుల్లో, చిన్న ఆఫీసు డబ్బాల్లో 92 లేదా 80 ఉంటాయి. చాలామంది రెక్కలు తిరిగే గుండ్రటి భాగాన్ని స్కేలుతో కొలిచి, "మాది 11 సెంటీమీటర్ల ఫ్యాను" అని షాపులో అడుగుతారు. అలాంటి సైజు లేదు. అది 120 ఫ్యానే. కొలవాల్సింది స్క్రూ రంధ్రాల మధ్య దూరం. పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల నడిమి నుంచి నడిమికి 105 మిల్లీమీటర్లు వస్తే అది 120 ఫ్యాను. 125 దగ్గర వస్తే 140. ఇంచుమించు 82 వస్తే 92, ఇంచుమించు 71 వస్తే 80. ఫ్యాను చేతిలో లేకపోయినా ఖాళీ కేసు మీద రంధ్రాలు కొలిచి చెప్పేయొచ్చు. మందం మామూలుగా 25 మిల్లీమీటర్లు ఉంటుంది. స్థలం లేని చోట పెట్టుకోవడానికి 15 మిల్లీమీటర్ల పలచటివి కూడా దొరుకుతాయి.

కేసులో చోటుంటే పెద్ద ఫ్యానే మేలు. 80 ఫ్యానుతో పోలిస్తే 120 ఫ్యాను వైశాల్యం రెండింతలకు పైనే. అందువల్ల అంతే గాలిని తోయడానికి అది చాలా నిదానంగా తిరిగితే సరిపోతుంది. చిన్న ఫ్యాను అదే పని చేయాలంటే వేగంగా తిరగాలి, వేగం పెరిగితే సన్నటి ఈల లాంటి శబ్దం వస్తుంది. మనిషికి చిరాకు తెప్పించేది ఆ ఈలే.

ఒక్కో తీగ పని ఏంటంటే

మూడు పిన్నుల ఫ్యానులో మొదటిది గ్రౌండ్, సాధారణంగా నల్ల వైరు. రెండోదాంట్లో 12 వోల్టుల కరెంటు వస్తుంది. మూడోది ఫ్యాను నుంచి బోర్డుకు కబురు మోసేది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఆ తీగ మీద రెండు పల్స్‌లు వెళ్తాయి. సెకనుకు 40 పల్స్‌లు వస్తే సెకనుకు 20 చుట్లు, అంటే నిమిషానికి 1200 చుట్లు అని బోర్డు లెక్క వేసుకుంటుంది. తెర మీద కనిపించే ఆర్‌పీఎం అంకె అక్కడి నుంచే వస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: ఈ మూడో తీగ కబురు చెబుతుందే గానీ ఆజ్ఞ తీసుకోదు.

మరి అలాంటి ఫ్యాను వేగం తగ్గించాలంటే? రెండో పిన్నుకు వచ్చే వోల్టేజీనే తగ్గించాలి. 12 బదులు 8 వోల్టులు ఇస్తే నిదానంగా తిరుగుతుంది, 6 ఇస్తే ఇంకా నిదానం. ఇంట్లో సీలింగ్ ఫ్యానుకు రెగ్యులేటర్ తిప్పినట్టే అనుకోండి. దీన్ని డీసీ పద్ధతి అంటారు.

నాలుగు పిన్నుల ఫ్యాను దారి వేరు. దానికి రెండో పిన్నులో ఎప్పుడూ పూర్తి 12 వోల్టులే వస్తాయి, తగ్గవు. వేగం ఎంత ఉండాలో నాలుగో తీగ చెబుతుంది. ఆ తీగ మీద బోర్డు సెకనుకు దాదాపు 25,000 సార్లు ఆన్, ఆఫ్ సిగ్నల్ పంపుతుంది. ప్రతి విడతలో ఆన్ భాగం సగం ఉంటే 50 శాతం, పావు వంతే ఉంటే 25 శాతం. ఫ్యాను లోపలున్న చిన్న సర్క్యూట్ ఆ సిగ్నల్ చదువుకుని మోటారును అందుకు తగ్గట్టు నడిపిస్తుంది. దీని పేరు పీడబ్ల్యూఎం. 25,000 అంకె ఊరికే పెట్టింది కాదు. అంతకన్నా బాగా తక్కువైతే ఆ ఆన్, ఆఫ్‌ల కీచు మన చెవికి వినిపిస్తుంది. మనిషి చెవి అందుకునేది 20,000 వరకే.

ఇంకో చిన్న సంగతి. నాలుగో తీగ మీద ఏ సిగ్నలూ రాకపోతే ఫ్యాను ఆగిపోదు, పూర్తి వేగంతో తిరుగుతుంది. కావాలనే అలా తయారు చేశారు. సిగ్నల్ తెగిపోతే మిషన్ వేడెక్కి చెడిపోకూడదు కదా.

సాకెట్టు ఒకటే, పద్ధతులు రెండు

ఇప్పుడు మదర్‌బోర్డు వైపు చూద్దాం. బోర్డు మీద ఫ్యాన్ల కోసం చిన్న పిన్నుల వరుసలు ఉంటాయి. వాటిని హెడర్ అంటారు. పక్కనే సన్నటి అక్షరాల్లో `CPU_FAN`, `SYS_FAN1`, `CHA_FAN1` అని అచ్చు వేసి ఉంటుంది. మొదటిది ప్రాసెసర్ మీది ఫ్యానుకు, మిగతావి కేసు ఫ్యాన్లకు. ఇప్పటి బోర్డుల్లో దాదాపు అన్నీ నాలుగు పిన్నులవే.

నాలుగు పిన్నుల హెడర్‌కు మూడు పిన్నుల కనెక్టర్ చక్కగా పడుతుంది. హెడర్ వెనక ఉన్న ప్లాస్టిక్ నాలుక మొదటి మూడు పిన్నుల దగ్గరే ఉంటుంది. కనెక్టర్ మీది గాడి దానికి అమరాలి, నాలుగో పిన్ను ఖాళీగా బయట ఉంటుంది. తలకిందులుగా పెట్టాలంటే బలవంతంగా నొక్కాల్సి వస్తుంది, కాబట్టి గట్టిగా అనిపిస్తే ఆగి, తిప్పి చూడండి. అలాగే నాలుగు పిన్నుల కనెక్టర్ మూడు పిన్నుల హెడర్‌కూ పడుతుంది. పడుతుంది కాబట్టి పని చేస్తుంది, పని చేస్తుంది కాబట్టి అంతా బాగుందని అనుకుంటాం. తిప్పలు ఇక్కడే మొదలవుతాయి.

చిత్తూరు భాయ్ మిషన్‌లో కేసు ఫ్యాను హెడర్ పీడబ్ల్యూఎం పద్ధతిలో పెట్టి ఉంది. పాత ఫ్యాను నాలుగు పిన్నులది కాబట్టి అప్పట్లో అది సరైనదే. ఆ పద్ధతిలో బోర్డు రెండో పిన్నుకు ఎప్పుడూ 12 వోల్టులు పంపుతుంది, "నిదానంగా తిరుగు" అనే ఆజ్ఞను నాలుగో పిన్ను మీద పంపుతుంది. కొత్త ఫ్యానుకు నాలుగో తీగే లేదు. దానికి 12 వోల్టులు మాత్రమే తెలుసు, ఆజ్ఞ వినే చెవి లేదు. అందుకే మిషన్ ఖాళీగా ఉన్నా, పనిలో ఉన్నా, అర్ధరాత్రి అయినా, మిట్టమధ్యాహ్నం అయినా ఒకే వేగం. డబ్బా మీద "సైలెంట్" అని రాసి ఉన్నా పూర్తి వేగంలో ఏ ఫ్యానైనా శబ్దం చేస్తుంది.

దీన్ని కనిపెట్టడం తేలిక. కంప్యూటర్ ఆన్ చేయగానే `Del` మీట వరసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీల మిషన్లలో `F2`. లోపల ఫ్యాన్ల పేజీ పేరు బోర్డును బట్టి మారుతుంది. ఆసుస్‌లో `Q-Fan Control`, గిగాబైట్‌లో `Smart Fan`, ఎమ్మెస్సైలో `Hardware Monitor` అని ఉంటుంది. భాయ్ మిషన్‌లో ఫ్యాను వేగం 1750 దగ్గర చూపించింది. సెట్టింగ్‌ను 40 శాతానికి దించాం. అంకె 1750 దగ్గరే నిలబడింది. మళ్లీ 80కి పెంచాం. అదే 1750. ఆజ్ఞ మారుతున్నా ఫ్యాను కదలలేదంటే పద్ధతి తప్పు ఉన్నట్టే.

అదే పేజీలో `PWM`, `DC`, `Auto` అనే మాటలు ఉంటాయి. కొన్ని బోర్డుల్లో `DC` బదులు `Voltage` అని ఉంటుంది. మూడు పిన్నుల ఫ్యానుకు `DC` లేదా `Voltage` ఎంచుకోవాలి. `Auto` చాలా బోర్డుల్లో ఫ్యానును పరీక్షించి తనే తేల్చుకుంటుంది, కానీ నాకు దాని మీద పూర్తి నమ్మకం లేదు. చేత్తో పెట్టి, శాతం మార్చి, అంకె మారుతుందో లేదో కళ్లతో చూడటమే మంచిది. భాయ్ మిషన్‌లో `DC` పెట్టగానే హోరు దిగిపోయింది. 60 శాతం దగ్గర వేగం 1050కి వచ్చింది.

దించడానికీ ఒక హద్దు ఉంది

శబ్దం తగ్గిందన్న సంతోషంలో భాయ్ దాన్ని 35 శాతానికి దించేశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మరునాడు మిషన్ ఆన్ చేస్తే ఫ్యాను కదల్లేదు, అంకె సున్నా.

12 వోల్టుల్లో 35 శాతం అంటే 4.2 వోల్టులు. తిరుగుతున్న ఫ్యానును ఆ కాస్త కరెంటు తిప్పుతూ ఉంచగలదు, కానీ ఆగి ఉన్నదాన్ని కదిలించలేదు. తోపుడు బండి లాంటిదే. కదిలించడానికి బలం కావాలి, కదిలాక అంత అక్కర్లేదు. మూడు పిన్నుల ఫ్యాన్లు చాలావరకు 5 నుంచి 7 వోల్టుల మధ్య ఎక్కడో మొదలవుతాయి, ఏది ఎక్కడ అనేది ఫ్యానును బట్టి ఉంటుంది. కాబట్టి డీసీ పద్ధతిలో 50 శాతం, అంటే 6 వోల్టుల దగ్గర ప్రయత్నించి చూడండి. మిషన్‌ను పూర్తిగా ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఫ్యాను తనంతట తానే మొదలైతే ఆ అంకె సరైనది. మొదలు కాకపోతే 55, 60 అని పెంచుకుంటూ పోవాలి. నాలుగు పిన్నుల ఫ్యానుకు ఈ బాధ తక్కువ. దానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతాయి కాబట్టి 20, 30 శాతం దగ్గర కూడా చాలావరకు సాఫీగా మొదలవుతుంది. దానికి పెట్టే అదనపు డబ్బుకు అసలు లాభం ఇదే.

ఇక వేడిని బట్టి వేగం ఎలా పెరగాలన్న సంగతి. బయోస్‌లో ఒక గీత కనిపిస్తుంది, దాని మీద మూడు నాలుగు చుక్కలు ఉంటాయి. ఫలానా వేడి దగ్గర ఫలానా వేగం అని ఆ చుక్కలు చెబుతాయి. కేసు ఫ్యాను కూడా మామూలుగా ప్రాసెసర్ వేడినే చూస్తూ ఉంటుంది. ప్రాసెసర్ వేడి ఒక ఫైలు తెరిస్తే చాలు ఎగిరి, రెండు సెకన్లలో దిగిపోతుంది. దాంతో ఫ్యాను ఊరికే హూ అని లేచి, మళ్లీ పడుకుంటూ ఉంటుంది. ఒకే తీరు శబ్దం కన్నా ఇలా లేచి పడే శబ్దమే ఎక్కువ విసిగిస్తుంది. కేసు ఫ్యానుకు ప్రాసెసర్ బదులు మదర్‌బోర్డు వేడిని చూపించండి, చాలా బోర్డుల్లో దాని పేరు `System` లేదా `Motherboard` అని ఉంటుంది. అది నిదానంగా పెరిగి నిదానంగా తగ్గుతుంది.

భాయ్ మిషన్‌లో మేము పెట్టింది ఇది: 40 డిగ్రీల వరకు 50 శాతం, 50 డిగ్రీల దగ్గర 70 శాతం, 60 దగ్గర 100. మే నెల మధ్యాహ్నం గదిలోనే 38 డిగ్రీలు ఉన్నప్పుడు బోర్డు వేడి 46 చూపించింది. గీత లెక్కన 62 శాతం, అంటే దాదాపు 7.4 వోల్టులు. ఫ్యాను 1100కి కాస్త లోపల తిరిగింది. సీలింగ్ ఫ్యాను వేసి ఉంటే దాని శబ్దంలో ఇది కలిసిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికే గీతలను అలాగే దించుకుంటే మన దగ్గర కుదరకపోవచ్చు. గది 22 డిగ్రీలుండే చోట పెట్టిన గీత మన గదిలో ఎప్పుడూ పై చుక్కల దగ్గరే ఉంటుంది. ఎంత మంచి ఫ్యానైనా లోపలి వేడిని గది వేడి కన్నా కిందికి దించలేదు. తలుపులున్న కంప్యూటర్ టేబుల్లో కేసును మూసి పెడితే ఏ గీతా పని చేయదు.

కొనేటప్పుడు

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకున్నా, ఇక్కడి షాపులో కొన్నా, "నాలుగు పిన్నులది ఇవ్వండి" అంటే సరిపోదు. నాలుగు పిన్నులు అనే మాటకు బజారులో రెండు అర్థాలున్నాయి. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద తెల్ల కనెక్టర్‌కు కూడా నాలుగు రంధ్రాలే ఉంటాయి. చవక రకం లైట్ల ఫ్యాన్లు చాలావాటికి ఆ పెద్ద కనెక్టరే ఉంటుంది. దాన్ని నేరుగా పవర్ సప్లైకి తగిలిస్తాం, అక్కడ వచ్చేది ఎప్పుడూ 12 వోల్టులే. బోర్డుకు ఆ ఫ్యాను ఉందన్న సంగతే తెలియదు, వేగం తగ్గించే దారీ లేదు. కావాల్సింది చిన్న కనెక్టర్. దాని నాలుగు రంధ్రాలు ఒకే వరుసలో, అర అంగుళం కూడా లేని వెడల్పులో ఉంటాయి. డబ్బా మీద `PWM` అనే మూడు అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

పాత బోర్డులున్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. కొన్ని పాత, చవక బోర్డుల్లో కేసు ఫ్యాను హెడర్ మూడు పిన్నులతో, ఏ అదుపూ లేకుండా ఉంటుంది. కొన్నింట్లో హెడర్‌కు నాలుగు పిన్నులున్నా డీసీ పద్ధతి ఉండదు. బోర్డు మాన్యువల్‌లో ఆ హెడర్ బొమ్మ కింద రెండో పిన్ను ఎదురుగా ఏం రాశారో చూడండి. `+12V` అని మాత్రమే ఉంటే వోల్టేజీ తగ్గదు, `Voltage Control` లాంటి మాట ఉంటే తగ్గుతుంది. తగ్గని బోర్డుకు నాలుగు పిన్నుల ఫ్యానే కొనాలి. నాలుగో పిన్నే లేని హెడర్ అయితే తక్కువ ఆర్‌పీఎం రాసి ఉన్న ఫ్యాను కొనడం ఒక దారి.

ఒక హెడర్‌కు రెండు మూడు ఫ్యాన్లు కలిపే వై ఆకారపు తీగలు దొరుకుతాయి. అవి వాడొచ్చు, కానీ ఫ్యాను వెనక స్టిక్కర్ చదవాలి. మామూలు హెడర్ ఒక ఆంపియర్ వరకు మోస్తుంది. స్టిక్కర్ మీద 0.25 అని ఉన్న మూడు ఫ్యాన్లు కలిపితే 0.75, మొదలయ్యే క్షణంలో ఇంకొంచెం ఎక్కువ లాగుతాయి కాబట్టి అక్కడితో ఆపేయడం మంచిది. ఆ తీగకు మూడు పిన్నుల ఫ్యానునూ నాలుగు పిన్నుల ఫ్యానునూ కలిపి పెట్టొద్దు. హెడర్ ఒకే పద్ధతిలో నడుస్తుంది, పీడబ్ల్యూఎం పెడితే మూడు పిన్నులది హోరు పెడుతుంది.

కరెంటు బిల్లు గురించి కూడా అడుగుతున్నారు. 12 వోల్టులు, 0.25 ఆంపియర్లు అంటే 3 వాట్లు. రోజుకు పది గంటలు, నెలంతా పూర్తి వేగంతో తిరిగినా ఒక యూనిట్ కూడా కాలదు. బిల్లు కోసం ఫ్యానును ఆపాల్సిన పని లేదు.

ఒక పని మాత్రం చేయొద్దు. హోరు భరించలేక ప్రాసెసర్ మీది ఫ్యానును `CPU_FAN` నుంచి పీకి ఇంకో హెడర్‌కు మార్చేవాళ్లున్నారు. అలా చేస్తే చాలా బోర్డులు మరుసటిసారి ఆన్ చేయగానే తెర మీద `CPU Fan Error! Press F1 to Run SETUP` లాంటి మాట వేసి అక్కడే ఆగిపోతాయి. ఆ హెడర్ మూడో పిన్ను మీద పల్స్‌లు రాలేదు కాబట్టి ఫ్యాను చచ్చిపోయిందని బోర్డు అనుకుంటుంది. బయోస్‌లో ఆ హెచ్చరికను ఆపేసే మార్గం ఉంది, కానీ రేపు నిజంగా ఫ్యాను ఆగిపోయినప్పుడు చెప్పేవాళ్లు ఉండరు. ఫ్యానును తిరిగి `CPU_FAN`కే తగిలించి, బయోస్‌లో ఆ హెడర్ పద్ధతి ఏముందో చూడండి.